శనివారం రాత్రి 8 అంటే ఎవరి 8? నాలుగు దేశాల వాళ్లతో వెబినార్ పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

2025 నవంబర్ 8, శనివారం. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి ఇంటి ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. బాబాయి సబ్ రిజిస్ట్రార్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడ పొలాలు, స్థలాలు ఉండి విదేశాల్లో ఉంటున్నవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ, ఈసీ, వారసత్వం కాగితాల గురించి మూడు శనివారాలు వెబినార్ చెప్పడానికి ఒప్పుకున్నారు. అది మూడోది. సరిగ్గా రాత్రి 8కి మొదలుపెట్టాం. మొదటి రెండు వారాలు కిక్కిరిసిన హాలు ఆ రోజు సగం ఖాళీ. జనానికి విసుగొచ్చిందేమో అనుకుని బాబాయి కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. గంటసేపు చెప్పి "ఇక ప్రశ్నలు అడగండి" అన్నారో లేదో, బిలబిలమంటూ యాభై మంది లోపలికొచ్చారు. అంతా అమెరికా వాళ్లే. "సార్, అప్పుడే ప్రశ్నలేంటి? ఇంకా మొదలవలేదు కదా?" అని చాట్‌లో ఒకటే గోల.

తప్పు వాళ్లది కాదు, నా పోస్టర్‌ది. దాని మీద నేను ఇలా వేశాను: "ప్రతి శనివారం రాత్రి 8 గంటలు IST / ఉదయం 10:30 EST". అంత చిన్న లైన్లో రెండు తప్పులున్నాయి. మొదటిది, అమెరికాలో నవంబర్ 2న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అంతకుముందు మన రాత్రి 8 న్యూజెర్సీలో ఉదయం 10:30. ఆ ఆదివారం తర్వాత అదే రాత్రి 8 అక్కడ 9:30 అయింది. పాపం వాళ్లు అలవాటు ప్రకారం 10:30కి వచ్చారు. రెండోది, EST అనే ముక్కే తప్పు. వేసవి గడియారం నడుస్తున్నన్ని రోజులూ అక్కడి టైమ్ పేరు EDT. EST చలికాలం పేరు, అది గంట తేడా. దీని దెబ్బ మొదటి వారమే తగిలింది, మేం గమనించలేదు. లండన్ నుంచి ఒకాయన పోస్టర్ చూసి "10:30 EST" అని ఉన్నదున్నట్టు కన్వర్టర్‌లో కొట్టి చూసుకున్నాడట. అది లెక్క కరెక్టుగానే చేసి సాయంత్రం 4:30 అంది. మేం మొదలుపెట్టింది ఆయన గడియారంలో 3:30కి.

ఈ ఏడాది దసరా అయ్యాక మళ్లీ మూడు శనివారాలు పెడుతున్నాం: 2026 అక్టోబర్ 24, 31, నవంబర్ 7. ఏ టైమ్ పెట్టాలి, దాన్ని ఎలా చెప్పాలి అన్నదాని మీద ఈసారి ముందే కూర్చుని అన్ని దారులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మీరు కూడా ఇక్కణ్నుంచి బయటి దేశాల వాళ్లతో ఇలాంటిది పెడుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి గడియారం కదలకూడదు?

చాలామంది ఏ టైమ్ అయితే అందరికీ కుదురుతుందా అని మొదలుపెడతారు. ఒక్కసారికే అయితే అది చాలు. వారం వారం పెట్టేదానికి మాత్రం అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. కొన్ని దేశాల్లో మధ్యలో గడియారం మారితే, ఎవరి టైమ్ అలాగే ఉండాలి, ఎవరి టైమ్ జరగాలి? ఇది మీరు తేల్చకపోతే మీ కేలండర్ సాఫ్ట్‌వేర్ తనంతట తనే తేల్చేస్తుంది. మీకు ఆ సంగతి మూడో వారం తెలుస్తుంది.

మన దేశంలో ఏడాదంతా ఒకటే గడియారం, ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. దుబాయ్, కువైట్, సింగపూర్ కూడా గడియారం తిప్పవు. తిప్పేవి అమెరికాలో చాలా భాగం, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాలు. చిక్కేమిటంటే అందరూ ఒకే రోజు తిప్పరు. బ్రిటన్, యూరప్ అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తిప్పుతాయి. అమెరికా నవంబర్ మొదటి ఆదివారం తిప్పుతుంది. మెల్‌బోర్న్, సిడ్నీ వాళ్లు అక్టోబర్ మొదటి ఆదివారమే ముందుకు తిప్పేసి ఉంటారు. ఈ ఏడాది బ్రిటన్‌ది అక్టోబర్ 25, అమెరికాది నవంబర్ 1. అంటే మా మూడు శనివారాలూ మూడు రకాల పరిస్థితుల్లో పడ్డాయి. వెతికి పెట్టినా ఇంత బాగా కుదరదు!

మన రాత్రి 8ని కదలకుండా ఉంచితే మిగతా ఊళ్లలో ఇలా ఉంటుంది:

| ఊరు | అక్టోబర్ 24 | అక్టోబర్ 31 | నవంబర్ 7 |
|---|---|---|---|
| విజయవాడ, గుంటూరు | రాత్రి 8:00 | రాత్రి 8:00 | రాత్రి 8:00 |
| న్యూయార్క్, న్యూజెర్సీ | ఉదయం 10:30 | ఉదయం 10:30 | ఉదయం 9:30 |
| డాలస్ | ఉదయం 9:30 | ఉదయం 9:30 | ఉదయం 8:30 |
| శాన్‌ఫ్రాన్సిస్కో | ఉదయం 7:30 | ఉదయం 7:30 | ఉదయం 6:30 |
| లండన్ | మధ్యాహ్నం 3:30 | మధ్యాహ్నం 2:30 | మధ్యాహ్నం 2:30 |
| దుబాయ్ | సాయంత్రం 6:30 | సాయంత్రం 6:30 | సాయంత్రం 6:30 |
| సింగపూర్ | రాత్రి 10:30 | రాత్రి 10:30 | రాత్రి 10:30 |
| మెల్‌బోర్న్ | ఆదివారం తెల్లవారుజాము 1:30 | ఆదివారం తెల్లవారుజాము 1:30 | ఆదివారం తెల్లవారుజాము 1:30 |

అలా కాకుండా న్యూయార్క్ ఉదయం 10:30ని కదలకుండా ఉంచామనుకోండి. అప్పుడు మొదటి రెండు వారాలు మనకు రాత్రి 8, మూడో వారం రాత్రి 9. దుబాయ్ వాళ్లకూ మూడో వారం గంట జరుగుతుంది. లండన్ సంగతి తమాషాగా ఉంటుంది. 24న మధ్యాహ్నం 3:30, 31న 2:30, నవంబర్ 7న మళ్లీ 3:30. మధ్యలో ఒక్క వారం మాత్రమే తేడా. వాళ్లు కచ్చితంగా తికమకపడేది ఆ వారమే.

ఈ రెండింట్లో ఏది మేలు? నా లెక్క ఇది. కొద్ది వారాలే అయితే, చెప్పేవాళ్లు ఇక్కడుంటే, మన గడియారాన్నే పట్టుకోండి. చెప్పే మనిషి ఒక్కరే, ఆ మనిషి రాకపోతే వెబినారే లేదు. బాబాయికి రాత్రి 9కి మొదలుపెట్టి 10:30 దాకా మాట్లాడటం వల్ల కాదు. పైగా నవంబర్ 7 మర్నాడు దీపావళి. "తెల్లవారుజామున లేచి తలంటు పోసుకోవాలిరా, తొమ్మిదిన్నర దాటితే నేను లేచి వెళ్లిపోతాను" అని ముందే చెప్పేశారు.

నెలల తరబడి నడిచేదైతే నా సలహా మారుతుంది. విజయవాడలో నాకు తెలిసిన ఒక టీచర్ అమెరికా పిల్లలకు శనివారం తెలుగు క్లాసు చెబుతారు. అక్కడ ఆ పిల్లలకు శనివారం ఉదయం ఈత క్లాసు, కూచిపూడి క్లాసు అన్నీ వాళ్ల గడియారం ప్రకారం ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మన టైమ్ పట్టుకుంటే నవంబర్‌లో తెలుగు క్లాసు గంట ముందుకు జరిగి వెళ్లి ఈత క్లాసు మీద పడుతుంది. అందుకని ఆవిడ న్యూయార్క్ టైమే ఉంచి, తనే ఏడాదికి రెండుసార్లు మారతారు. ఈ ఏడాది నవంబర్ 1 నుంచి 2027 మార్చి 14 దాకా ఆవిడకు క్లాసు రాత్రి 9కి. మిగతా రోజుల్లో 8కి. ఒక్క మనిషి మారితే ముప్పై కుటుంబాలు మారక్కర్లేదు.

యూటీసీని పట్టుకుంటే ఎవరితోనూ పేచీ ఉండదు కదా అని మూడో మాట కూడా వినిపిస్తుంది. మన గడియారం ఎప్పుడూ యూటీసీకి ఐదున్నర గంటలే ముందుంటుంది కాబట్టి యూటీసీ పట్టుకోవడం, మన టైమ్ పట్టుకోవడం ఒకటే. కొత్తగా వచ్చేది ఏమీ లేదు. పోస్టర్ మీద 14:30 అని వేస్తే మాత్రం మా వాళ్లలో సగం మంది మధ్యాహ్నం రెండున్నర అనుకుంటారు.

ఒకటే సెషనా, రెండా?

టేబుల్‌లో చివరి వరుస చూసి మెల్‌బోర్న్‌లో ఉన్న మా వదిన ఒక్కటే మాట అంది: "అంటే మేం రావద్దనేగా?" నిజమే, రాత్రి ఒంటిగంటన్నరకు రిజిస్ట్రేషన్ చట్టం వినమని ఎవరినీ అడగలేం. శాన్‌ఫ్రాన్సిస్కోతో సహా అమెరికా, లండన్, గల్ఫ్, ఆస్ట్రేలియా నాలుగింటికీ, ఇక్కడ బాబాయికీ మెలకువగా ఉండే టైమ్ ఒకటి దొరుకుతుందేమోనని మా అన్నయ్య డాలస్ నుంచి ఒక సాయంత్రమంతా వెతికాడు. దొరకదు. భూమి గుండ్రంగా ఉంది మరి.

శనివారం రాత్రి 8కి గట్టి పోటీ ఇచ్చింది ఆదివారం పొద్దున 7:30. అది న్యూయార్క్‌లో శనివారం రాత్రి 10, డాలస్‌లో 9, శాన్‌ఫ్రాన్సిస్కోలో 7. మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం 1, సింగపూర్‌లో ఉదయం 10. అమెరికా పశ్చిమ తీరం, ఆస్ట్రేలియా రెండూ హాయిగా వస్తాయి. కానీ లండన్‌లో అది నడిరాత్రి, కువైట్‌లో తెల్లవారుజాము 5. అంటే మన ఆదివారం పొద్దున అమెరికాకూ ఆస్ట్రేలియాకూ కుదిరే టైమ్, మన శనివారం రాత్రి అమెరికాకూ గల్ఫ్‌కూ యూరప్‌కూ కుదిరే టైమ్. మీ జాబితాలో గల్ఫ్, బ్రిటన్ వాళ్లు ఎక్కువా, ఆస్ట్రేలియా, సింగపూర్ వాళ్లు ఎక్కువా అని చూసుకుంటే జవాబు దానంతటదే వస్తుంది. ఇందుకోసం రిజిస్ట్రేషన్ ఫారంలో "మీరు ఉండే ఊరు" అని ఒక గడి పెట్టండి. దేశం అడిగితే సరిపోదు. అమెరికాలో ఫీనిక్స్ గడియారమే తిప్పదు, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ కూడా తిప్పదు. దేశం పేరుతో ఈ సంగతులు తెలియవు.

ఆదివారం పొద్దునలో ఇంకో గుంట కూడా ఉంది, తారీకు. మనం "నవంబర్ 1, ఆదివారం" అంటే అమెరికాలో అది అక్టోబర్ 31, శనివారం రాత్రి. తారీకు ఒక్కటే వేస్తే సగం మంది మర్నాడు వస్తారు. పైగా అక్టోబర్ 31 వాళ్లకు హాలోవీన్, పిల్లల్ని వీధుల్లో తిప్పుకొచ్చి అలసిపోయి ఉంటారు. మూడో వారం మనకు ఏకంగా దీపావళి పొద్దునే. ఇవన్నీ చూసి మేం శనివారం రాత్రి 8కే ఓటేశాం.

ఆస్ట్రేలియా, సింగపూర్ వాళ్ల కోసం రెండో సెషన్ పెట్టాలా అన్నది మనుషుల సంఖ్యను బట్టి. మాకు వాళ్లు పదిమందికి మించరు. అందుకని వాళ్లకు రికార్డింగ్ పంపి, చివరి శనివారం మధ్యాహ్నం 2కి ఒక గంట ప్రశ్నల కోసం విడిగా పెడుతున్నాం. మెల్‌బోర్న్‌లో అప్పుడు రాత్రి 7:30, సింగపూర్‌లో సాయంత్రం 4:30. లండన్ వాళ్లు కూడా పొద్దున 8:30కి రావచ్చు, శనివారం అంత పొద్దున్నే లేస్తే. ముప్పై, నలభై మంది ఉంటే మాత్రం పూర్తి సెషన్ రెండుసార్లు చెప్పడమే న్యాయం. రికార్డింగ్ పంపితే చూసేస్తారు అనుకోవద్దు. బాబాయి చెప్పేదాంట్లో అసలు విలువంతా "మా నాన్న పేరు మీద ఉన్న స్థలం..." అని మొదలయ్యే ప్రశ్నల్లోనే ఉంది.

టైమ్‌ని ఎలా చెప్పాలి

టైమ్ తేలాక దాన్ని జనానికి అందించడానికి నాకు కనిపించినవి నాలుగు దారులు. నాలుగూ వాడి చూశాను.

"రాత్రి 8 గంటలు IST" అని మాత్రమే వేసి ఊరుకోవడం అన్నిటికంటే తేలిక. మన టైమ్ మారదు కాబట్టి అది ఎప్పటికీ అబద్ధం అవదు, అదొక సుగుణం. కానీ లెక్క మొత్తం వినేవాళ్ల నెత్తిన పడుతుంది. పైగా IST అంటే మనదే అనుకోవడం మన అలవాటు. ఐర్లాండ్‌లో వేసవి గడియారం పేరు కూడా IST, ఇజ్రాయెల్‌లో చలికాలం గడియారం పేరూ అదే. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లకు అక్టోబర్ 24న ఆ మూడు అక్షరాలూ వాళ్ల సొంత గడియారం పేరే. అమెరికా పొట్టి పేర్లు ఇంకా ప్రమాదం, నా EST కథ చూశారుగా. అందుకే పొట్టి పేర్లు పూర్తిగా మానేసి "విజయవాడ టైమ్", "న్యూయార్క్ టైమ్" అని ఊరి పేరుతో రాస్తున్నాను. ఊరి పేరు వేసవిలోనూ చలికాలంలోనూ తప్పు కాదు.

రెండోది, ఊళ్ల పేర్లూ టైమ్‌లూ అన్నీ పోస్టర్ మీద వేయడం. వాట్సాప్‌లో తిరిగేది పోస్టరే కాబట్టి ఇది తప్పించుకోలేం. కానీ ఒకే పోస్టర్‌ని మూడు వారాలూ వాడితే పోయిన ఏడాది కథే. వారానికో పోస్టర్ చేయండి. ప్రతిదాని మీదా ఆ ఒక్క తారీకు, ప్రతి ఊరి పక్కనా వారం పేరు ఉండాలి. ఊళ్లు నాలుగైదు చాలు, ఎక్కువమంది ఉన్నవి. పన్నెండు ఊళ్లు వేస్తే ఫోన్ మీద చీమల బారులా కనిపిస్తుంది, పక్క వరుస చదువుకుని వచ్చేస్తారు. అర్ధరాత్రి 12, మధ్యాహ్నం 12 ఎక్కడైనా వస్తుంటే వెబినార్‌ని పావుగంట జరిపేయండి. 12:00 AM అంటే ఏ రోజుదో అని జరిగే చర్చలకు అంతు ఉండదు.

మూడోది లింకు. timeanddate.com లో Event Time Announcer అని ఉంది. మన ఊరు, తారీకు, టైమ్ ఇస్తే ఒక పేజీ తయారవుతుంది. దాన్ని ఎవరు తెరిస్తే వాళ్లకు వాళ్ల ఊరి టైమ్ చూపిస్తుంది. గడియారం మార్పులన్నీ అదే చూసుకుంటుంది. ఒక్కసారి పెట్టే వెబినార్‌కి పోస్టర్ కింద ఈ లింకు పెడితే దాదాపు పని అయిపోయినట్టే. దీని లోటల్లా ఏమిటంటే, చూసినవాళ్లు దాన్ని గుర్తుంచుకోవాలి.

నాలుగోది కేలండర్‌లోకి వెళ్లే ఇన్విటేషన్. రిజిస్టర్ అయినవాళ్లకు మెయిల్లో ఒక .ics ఫైలు వెళుతుంది, నొక్కితే వాళ్ల ఫోన్ కేలండర్‌లో వాళ్ల టైమ్‌కి పడుతుంది. పావుగంట ముందు ఫోనే గుర్తుచేస్తుంది. రెండు వారాలకు మించి నడిచే దేనికైనా నేను దీన్నే అసలు ఆధారంగా పెట్టుకుంటాను. పోస్టర్ పిలుపు కోసం, కేలండర్ రావడం కోసం. మా పెద్దవాళ్లలో కొందరు మెయిల్ తెరవరు, వాళ్లకు పోస్టరే గతి. మిగతావాళ్లంతా ఈసారి కేలండర్ మీదే వస్తారు.

కేలండర్ లోపల జరిగే తప్పు

కేలండర్ ఎంత నమ్మకమైనదో, దాన్ని తయారుచేసేటప్పుడు చేసిన తప్పు అంత నమ్మకంగా అందరికీ చేరుతుంది. మొదటిసారి అన్నయ్యే ఈవెంట్ చేశాడు. రాత్రి 8 అని కొట్టాడు. అతని కేలండర్ డాలస్ గడియారంలో ఉంది. దాంతో అది మనకు ఆదివారం పొద్దున 6:30కి పడింది. అదృష్టం బాగుండి పంపేముందే చూశాం. గూగుల్ కేలండర్‌లో టైమ్ పక్కనే Time zone అని చిన్నగా ఉంటుంది. అక్కడ ఈవెంట్ ఏ ఊరి గడియారానికి కట్టి ఉందో చూసుకోవాలి. అక్కడ ఎంచుకున్న ఊరే మనం మొదట తేల్చుకున్న "కదలని గడియారం". వారం వారం రిపీట్ అని పెట్టినప్పుడు ఆ ఊళ్లో టైమ్ అలాగే ఉంటుంది, మిగతావి జరుగుతాయి.

లోపల జరిగేది ఫైలు తెరిచి చూస్తే బాగా అర్థమవుతుంది. న్యూయార్క్ గడియారానికి కట్టిన ఈవెంట్ ఇలా ఉంటుంది:

```
DTSTART;TZID=America/New_York:20261024T103000
RRULE:FREQ=WEEKLY;COUNT=3
```

యూటీసీలో రాసింది ఇలా ఉంటుంది, చివర Z దాని గుర్తు:

```
DTSTART:20261024T143000Z
RRULE:FREQ=WEEKLY;COUNT=3
```

అక్టోబర్ 24న ఈ రెండూ ఒకటే క్షణం. 31న కూడా ఒకటే. నవంబర్ 7న విడిపోతాయి. మొదటిది న్యూయార్క్‌లో 10:30కే ఉండి మనకు రాత్రి 9కి జరుగుతుంది. రెండోది మనకు రాత్రి 8కే ఉండి న్యూయార్క్‌లో 9:30కి జరుగుతుంది. తెలుగు టీచరు గారు రెండో రకం ఫైలు పంపితే నవంబర్‌లో పిల్లలంతా ఈత కొలనులో ఉంటారు. మాకైతే రెండో రకం సరిపోతుంది, Asia/Kolkata అని కట్టినా సరిపోతుంది. మన గడియారం కదలదు కాబట్టి ఆ రెండూ ఎప్పటికీ విడిపోవు. ఊరి పేరుతో కట్టిన ఫైలుని మాత్రం చేత్తో రాయబోకండి. దాని వెంట ఆ ఊరి గడియారం నియమాలు VTIMEZONE అనే భాగంలో ఉండాలి. కేలండర్‌లోంచే ఎక్స్‌పోర్ట్ చేస్తే అదే వేస్తుంది.

అవుట్‌లుక్ వాడేవాళ్లకు ఒక వల ఉంది. జాబితాలో న్యూయార్క్ గడియారం ఏడాదంతా (UTC-05:00) Eastern Time (US & Canada) అనే కనిపిస్తుంది. వేసవిలో అక్కడ నిజంగా ఉండేది నాలుగు గంటల తేడా. లెక్క తెలిసిన మనిషి ఎవరైనా "ఐదు కాదు కదా, నాలుగు" అనుకుని కిందికి వెళ్లి (UTC-04:00) ఉన్న అట్లాంటిక్ టైమ్‌ని ఎంచుకుంటాడు. అది కెనడా తూర్పు వైపుది. అక్కడ వేసవి గడియారం కలిపితే గంట తేడా వచ్చేస్తుంది. లెక్క తెలియని వాళ్లు ఈ తప్పు చేయరు. ఆ అంకెను పట్టించుకోకండి, పేరు చూసి ఎంచుకోండి.

పంపేముందు, పంపాక

రిజిస్ట్రేషన్ తెరిచేముందు నేనే ఇంకో మెయిల్ ఐడీతో రిజిస్టర్ అవుతాను. వచ్చిన మెయిల్లో ఏ ఊరి టైమ్ కనిపిస్తోందో చూస్తాను. కొన్ని వెబినార్ సర్వీసులు పెట్టినవాళ్ల టైమే చూపిస్తాయి, దాన్ని మార్చలేకపోతే మెయిల్ మొదటి లైన్లో "కింద ఉన్నది విజయవాడ టైమ్" అని మనమే రాయాలి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ తీసేసి న్యూయార్క్ పెట్టి, కేలండర్‌లో ముందుకు వెళ్లి మూడు తారీకులూ చూడాలి. మొదటిది చూసి ఆగకూడదు. మొదటిది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మాకు అక్టోబర్ 24, 31 ఉదయం 10:30, నవంబర్ 7 ఉదయం 9:30 కనిపించాలి. మూడో తారీకూ 10:30 అని ఉంటే ఈవెంట్ న్యూయార్క్‌కి కట్టుకుపోయిందన్నమాట. తర్వాత లండన్ పెట్టి ఇదే పని. 3:30, 2:30, 2:30 రావాలి.

ఇక వాట్సాప్‌లో పెట్టే రిమైండర్. "ఈ రాత్రి 8 గంటలకు కలుద్దాం" అని సాయంత్రం 7కి పెడితే న్యూజెర్సీలో అప్పుడు పొద్దున ఎనిమిదిన్నరో, తొమ్మిదిన్నరో. చదివినవాళ్లు "సరే, రాత్రికి కదా" అని బజారుకి వెళ్లిపోతారు. "రేపు" కూడా అంతే, ఎవరి రేపు? నేను ఇప్పుడు "ఈ మెసేజ్ వచ్చిన గంటకు మొదలు" అని పెడుతున్నాను. మెసేజ్ పక్కన వాట్సాప్ చూపించే టైమ్ ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరిదే కాబట్టి ఆలస్యంగా చూసినా లెక్క కుదురుతుంది. ఫార్వర్డ్ చేస్తే మాత్రం చెడుతుంది, కొత్త మెసేజ్‌గా కొత్త టైమ్ పడుతుంది. అందుకని కింద "విజయవాడ రాత్రి 8, న్యూయార్క్ ఉదయం 9:30, లండన్ మధ్యాహ్నం 2:30" అని కూడా ఒక లైను ఉంచుతాను. గడియారం మారిన వెంటనే వచ్చే వారాల్లో, అంటే మాకు అక్టోబర్ 31న లండన్ వాళ్లకు, నవంబర్ 7న అమెరికా వాళ్లకు, "మీకు పోయిన వారం కంటే గంట ముందు" అని విడిగా రెండు రోజుల ముందే పెడతాను. అందరికీ కలిపి ఆ మాట పెడితే దుబాయ్ వాళ్లు కూడా గంట ముందు వచ్చి కూర్చుంటారు.

ఫోన్‌లో టైమ్ జోన్ మార్చి చూశాక దాన్ని మళ్లీ ఆటోమేటిక్‌కి తిప్పడం మర్చిపోకండి. మొన్న నేను న్యూయార్క్‌లోనే వదిలేసి పడుకున్నాను. పొద్దున ఐదున్నరకు పెట్టుకున్న అలారం మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా బాబాయి భోజనం చేసి కునుకు తీస్తుండగా మోగింది.